గదికి ఎన్ని టైల్స్, ఎన్ని డబ్బాల పెయింట్? తలుపులు, కిటికీలు తీసేసి, వేస్టేజ్ కలిపి లెక్క కట్టే పద్ధతి

టైల్స్ షాపుకెళ్లి గది కొలతలు చెబితే, కౌంటర్ దగ్గరి మనిషి కాలిక్యులేటర్ తీసి పొడవునీ వెడల్పునీ గుణించి, దానికి పది శాతం కలిపి, పెట్టెకి ఎన్ని అడుగులో దాంతో భాగించి, నిమిషంలో "ఇన్ని పెట్టెలు సార్" అని చెప్పేస్తాడు. చిన్న టైల్స్‌కి ఈ లెక్క చాలావరకు నిలబడుతుంది. రెండడుగుల టైల్‌ని పన్నెండడుగుల గదిలో వేసేటప్పుడు మాత్రం నిలబడదు, ఎందుకంటే మేస్త్రీ వేసేది చదరపు అడుగులు కాదు, టైల్స్. గోడ దగ్గర ఆరంగుళాల ముక్క కావాలన్నా అది ఒక టైల్‌ని కోస్తేనే వస్తుంది, ఆ మిగిలిన ముక్క ఇంకోచోట పనికొస్తుందా లేదా అన్నదాని మీదే మీ అసలు వేస్టేజ్ ఆధారపడి ఉంటుంది.

పెయింట్ సంగతి వేరు. అది ద్రవం కాబట్టి వైశాల్యంతోనే పోతుంది, అక్కడ తలుపులూ కిటికీలూ తీసేయడం నిజంగా పనికొస్తుంది. అందుకని ఒకే బెడ్‌రూమ్‌నీ, దానికి అటాచ్‌డ్‌గా ఉన్న ఒక బాత్‌రూమ్‌నీ తీసుకుని మూడు లెక్కలూ చేద్దాం: బెడ్‌రూమ్ ఫ్లోర్ టైల్స్, బాత్‌రూమ్ గోడ టైల్స్, బెడ్‌రూమ్ పెయింట్.

ముందు కొలతలు, అదీ అంగుళాల్లో

ప్లాన్‌లో రాసిన 12 x 11 ని నమ్మకండి. ప్లాస్టరింగ్ అయ్యాక టేపు పట్టి కొలవాలి, ప్రతి గోడనీ రెండు చోట్ల, ఈ చివరా ఆ చివరా, ఏది ఎక్కువ వస్తే అది రాసుకోండి. మన గది పొడవు 12 అడుగుల 4 అంగుళాలు, వెడల్పు 10 అడుగుల 8 అంగుళాలు, నేల నుంచి శ్లాబు దాకా 10 అడుగులు. అంగుళాల్లో 148, 128. కాలిక్యులేటర్‌లో 12.4 అని కొట్టడం మామూలుగా జరిగే పొరపాటు. 12 అడుగుల 4 అంగుళాలంటే 12.33, అందుకే అంతా అంగుళాల్లో రాసుకుని చివర్లో 144తో భాగిస్తే గొడవ ఉండదు. ఈ గది నేల 131.5 చదరపు అడుగులు.

తర్వాత మూల నుంచి మూలకి రెండు వైపులా ఐమూలగా కొలవండి. గది నాలుగు మూలలూ మట్టంగా ఉంటే ఈ రెండు కొలతలూ సమానంగా రావాలి, మన గదికి ఒక్కోటీ 16 అడుగుల 3¾ అంగుళాల దగ్గర రావాలి. ఒకటి ఎక్కువ, ఒకటి తక్కువ వస్తే గది మూల తప్పిందని అర్థం, అప్పుడు గోడ వెంట వేసే ముక్కలు ఒక చివర సన్నగా, ఇంకో చివర వెడల్పుగా కోయాల్సి వస్తుంది. వెడల్పు చివర ఎంత కావాలో ఆ కొలతతోనే లెక్క కట్టుకోవాలి.

తలుపుల్నీ కిటికీల్నీ కొలిచేటప్పుడు రెక్కని కాదు, ఫ్రేమ్ బయటి అంచు నుంచి బయటి అంచు దాకా కొలవండి. గోడ మీద టైల్ గానీ పెయింట్ గానీ ఆగేది అక్కడే. మన బెడ్‌రూమ్‌కి ఒక తలుపు 3 x 7 అడుగులు, బాత్‌రూమ్‌లోకి వెళ్లే తలుపు 2½ x 7, ఒక కిటికీ 5 x 4.

టైల్ అసలు సైజు

షాపులో "టూ బై టూ" అంటారు గానీ పెట్టె మీద చూస్తే 600 x 600 మి.మీ. అని ఉంటుంది. 600 మి.మీ. అంటే రెండడుగులు కాదు, 23.6 అంగుళాలు. నాలుగు టైల్స్ ఉన్న పెట్టెని 16 అడుగులని లెక్కేస్తారు, కానీ పెట్టె మీద అచ్చు వేసిన 1.44 చదరపు మీటర్లని 10.764తో గుణిస్తే 15.5 చదరపు అడుగులే వస్తుంది. పెట్టెకి అరడుగు తేడా అంటే ఏమంత పెద్ద విషయం అనిపిస్తుంది, ఒక్క గదికి కాకపోయినా ఇల్లంతా కలిపి వెయ్యి అడుగులకి చూస్తే రెండు పెట్టెల తేడా తేలుతుంది. బిల్లు ఏ లెక్కన వేస్తున్నారో కూడా ఒకసారి అడగండి, రేటు అడుగుకి మాట్లాడుకుని పెట్టెకి 16 అడుగులు కడితే, లేని అరడుక్కీ డబ్బులిస్తున్నట్టే.

దీనికి టైల్స్ మధ్య సందు కోసం పెట్టే 2 మి.మీ. స్పేసర్ కలపండి. అంటే ఒక్కో టైల్ నేల మీద ఆక్రమించేది 602 మి.మీ., 23.7 అంగుళాలు.

బెడ్‌రూమ్ నేల: వరుసలుగా లెక్క

షాపు లెక్కలో 131.5కి పది శాతం కలిపితే 144.7, దాన్ని 16తో భాగిస్తే దాదాపు 9 పెట్టెలు, 36 టైల్స్. ఇప్పుడు గదిలో నిజంగా ఏం జరుగుతుందో కాగితం మీద గీసి చూద్దాం. గళ్ల నోట్‌బుక్ పేజీ ఒకటి చాలు.

పొడవు 148 అంగుళాల్లో 6 నిండు టైల్స్ పట్టి (142.2), చివర దాదాపు 5.8 అంగుళాలు మిగులుతుంది. వెడల్పు 128లో 5 నిండు టైల్స్ పట్టి (118.5), 9.5 అంగుళాలు మిగులుతుంది. అంటే నిండు టైల్స్ 30. ఒక గోడ వెంట తొమ్మిదిన్నర అంగుళాల ముక్కలు ఆరు కావాలి, ఒక టైల్ కోస్తే రెండు వస్తాయి కాబట్టి 3 టైల్స్. ఇంకో గోడ వెంట 5.8 అంగుళాల ముక్కలు ఐదు కావాలి. కాగితం మీద ఒక టైల్‌కి నాలుగు వస్తాయనిపిస్తుంది, కానీ కట్టర్ బ్లేడు ప్రతి కోతకీ రెండు మూడు మి.మీ. తినేస్తుంది, మేస్త్రీ దగ్గర నాలుగోది రాదు. మూడు చొప్పున 2 టైల్స్ అనుకోండి. మూలలో చిన్న ముక్క మిగిలిన దాంట్లోంచి వచ్చేస్తుంది. మొత్తం 35.

36లో 35 అయితే సరిపోయినట్టే కదా అంటారు. స్కర్టింగ్, అంటే గోడ అడుగున చుట్టూ వేసే పట్టీ, మర్చిపోయాం.

స్కర్టింగ్ చాలా ఇళ్లలో అదే టైల్‌ని నాలుగంగుళాల పట్టీలుగా కోసి వేస్తారు. గది చుట్టుకొలత 46 అడుగులు, రెండు తలుపులకీ కలిపి ఐదున్నర అడుగులు తీసేస్తే 40½ అడుగులు. కిటికీకి ఇక్కడ తీసేయడం ఉండదు, స్కర్టింగ్ దాని కింద నుంచే పోతుంది. 40½ అడుగులకి 21 పట్టీలు కావాలి. బ్లేడు తినే దాంతో కలిపి చూస్తే ఒక టైల్‌కి ఐదు పట్టీలే వస్తాయి, ఆరో దానికి దాదాపు అంగుళం తక్కువ పడుతుంది. పైన కోసిన ముక్కల్లో మిగిలినవి ఒక ఐదు పట్టీలు అవుతాయి, మిగతా 16కి ఇంకో 4 టైల్స్ కావాలి. మొత్తం 39. తొమ్మిది పెట్టెలు తెస్తే ఇక్కడే మూడు టైల్స్ తక్కువ, ఇంకా ఒక్కటీ పగలకుండానే!

ఇంకో విషయం ఉంది. గోడ వెంట ఆరంగుళాల లోపు సన్న పట్టీ చూడ్డానికి బాగోదు, మంచి మేస్త్రీ దాన్ని ఒప్పుకోడు. పొడవు వైపు మధ్యలో 5 నిండు టైల్స్ పెట్టి, అటూ ఇటూ సమానంగా 14¾ అంగుళాల ముక్కలు వేస్తాడు. అప్పుడు ఒక్కో ముక్కకీ ఒక్కో టైల్ కోయాల్సిందే, ఎందుకంటే మిగిలేది తొమ్మిదంగుళాల లోపే. పొడవు వైపు 7, వెడల్పు వైపు 5 వరుసలు, 35 టైల్స్, ఆపైన తొమ్మిదిన్నర అంగుళాల వరుసకీ దాని రెండు మూల ముక్కలకీ కలిపి 4. మొత్తం 39. ఇది చూసి ఇంటాయన "అబ్బో, నాలుగు టైల్స్ దండగ" అంటాడు, నిజానికి దండగేం లేదు. అటూ ఇటూ కోసిన ఆ పది టైల్స్ నుంచి 2 అడుగుల పొడవూ, తొమ్మిదంగుళాలకి కాస్త తక్కువ వెడల్పూ ఉన్న పది ముక్కలు మిగులుతాయి. ఒక్కోటి రెండు స్కర్టింగ్ పట్టీలవుతుంది. 20 పట్టీలు వచ్చేశాయి, ఇంకొక్కటి చివరి మూల ముక్క కోసిన టైల్‌లో దొరుకుతుంది. అంటే స్కర్టింగ్‌కి విడిగా ఒక్క టైల్ కూడా అక్కర్లేదు. రెండు పద్ధతుల్లోనూ లెక్క 39 దగ్గరే ఆగింది, అందంగా వేసినా ఖర్చు పెరగలేదు.

ఈ ఉపాయం పనిచేయాలంటే మేస్త్రీకి ముందే చెప్పాలి. చెప్పకపోతే కోసిన ముక్కలు సాయంత్రానికి చెత్తకుప్పలో ఉంటాయి, మర్నాడు స్కర్టింగ్‌కి నిండు టైల్స్ కోస్తూ కూర్చుంటారు. కోసిన ప్రతి ముక్కా గది మూలన నిలబెట్టమని, అంగుళాలు పెన్సిల్‌తో వెనక రాయమని చెప్పండి. మన గదిలో గుమ్మాల కింద గ్రానైట్ పట్టీ వేస్తున్నారు కాబట్టి అక్కడికి లెక్క లేదు, టైలే వేస్తే ఒకటి కలుపుకోండి.

39కి పగుళ్ల కోసం 2, ఇంట్లో దాచిపెట్టుకోడానికి 3 కలిపితే 44, సరిగ్గా 11 పెట్టెలు. ఆ మూడూ ఎందుకంటారేమో. ఐదేళ్ల తర్వాత ప్లంబర్ ఒక చోట పగలగొడితే ఆ డిజైన్ దొరకదు, టైల్స్ తయారీకి పేరున్న గుజరాత్‌లోని మోర్బీ నుంచి వచ్చే డిజైన్లు అంత త్వరగా మారిపోతాయి. ఐమూలగా వేయిస్తే మాత్రం ఈ వరుసల లెక్క కుదరదు, నాలుగు గోడల దగ్గరా త్రికోణాలు కోయాలి, అప్పుడు 15 శాతం పైన వేసుకోవడమే.

బాత్‌రూమ్ గోడలు: తలుపు తీసేయాలి, వెంటిలేటర్ తీసేయకూడదు

బాత్‌రూమ్ 7 అడుగులు x 4 అడుగుల 9 అంగుళాలు. గోడ టైల్ 300 x 450 మి.మీ., షాపు భాషలో 12 x 18, అడ్డంగా వేస్తున్నాం, తలుపు ఎత్తు దాకా. పెట్టెలో 6 టైల్స్. తలుపు ఒక చిన్న గోడలో ఉంది, దాని ఎదురు గోడలో పైన 2 అడుగుల వెడల్పు వెంటిలేటర్.

ఎత్తు మొదట చూడండి. స్పేసర్‌తో కలిపి ఒక్కో వరుస 11.9 అంగుళాలు, ఏడు వరుసలకి 83 అంగుళాలు దాటుతుంది. తలుపు ఫ్రేమ్ 84. ఆ అంగుళం కోసం ఎనిమిదో వరుస కోయించకండి, ఏడుతో ఆపేయండి, లేదా కింద మొదటి వరుసని అంగుళం పైకి లేపి మొదలుపెట్టమనండి, ఎలాగూ ఫ్లోర్ టైల్ వాలుతో ఆ సందు మూసుకుపోతుంది. ఒక్క అంగుళానికి చుట్టూ ఒక నిండు వరుస పెంచితే పదిహేను టైల్స్ దాకా పెరుగుతాయి.

ఇక అడ్డంగా. ఏడడుగుల గోడలో 4 నిండు టైల్స్, 12.8 అంగుళాల ముక్క ఒకటి, అంటే వరుసకి 5. అలాంటి గోడలు రెండు, వరుసకి 10 టైల్స్, రెండు వైపులా దాదాపు ఐదంగుళాల ముక్కలు మిగులుతాయి. వెంటిలేటర్ ఉన్న చిన్న గోడలో 3 నిండు టైల్స్, మూడున్నర అంగుళాల పట్టీ ఒకటి. ఆ పట్టీ ఇందాక మిగిలిన ఐదంగుళాల ముక్కలోంచి వచ్చేస్తుంది, కాబట్టి ఈ గోడకి వరుసకి 3. తలుపు గోడలో తలుపుకి ఒకవైపు నాలుగంగుళాల గోడ, ఇంకోవైపు 23 అంగుళాల గోడ. నాలుగంగుళాల పట్టీ మిగిలిన రెండో ముక్కలోంచి వస్తుంది, 23కి ఒక నిండు టైల్, ఐదంగుళాల పైచిలుకు పట్టీ ఒకటి, ఈ పట్టీలు టైల్‌కి మూడు చొప్పున వస్తాయి.

ఏడు వరుసలకీ కలిపి: పెద్ద గోడలు 70, ఎదురు గోడ 21, తలుపు గోడ 7 నిండువీ, పట్టీలకి 3. మొత్తం 101. తలుపు లేకపోతే ఆ గోడకి 21 పట్టేవి, తలుపు వల్ల 11 మిగిలాయి. వైశాల్యంతో చూస్తే 17½ అడుగుల తలుపుకి 12 మిగలాలి. తలుపు నేల నుంచి పైదాకా ఉంటుంది కాబట్టి నిజంగానే టైల్స్ మిగులుతాయి.

వెంటిలేటర్ దగ్గర అలా కాదు. అది ఆరడుగుల ఎత్తులో మొదలై పైవరుసలో మాత్రమే తగులుతుంది. అక్కడ మూడు టైల్స్ పట్టాల్సిన చోట అటూ ఇటూ 16½ అంగుళాల ముక్కలు రెండు కావాలి, రెండు టైల్స్ కోయాలి, మిగిలేది ఒక్కటి. ఆ మిగిలినదీ వెంటిలేటర్ కింద గట్టుకీ పక్క అంచులకీ పోతుంది, ఒక్కోసారి అదీ చాలదు. అందుకే బాత్‌రూమ్‌లో ఐదారు అడుగుల లోపు వైశాల్యం ఉన్న ఏ ఖాళీనీ లెక్కలోంచి తీసేయకండి. కిచెన్‌లో కూడా అంతే, గట్టు మీద గోడకి రెండడుగుల ఎత్తు టైల్స్ వేసేచోట కిటికీ కింది అంచు కొద్దిగా తగిలితే దాన్ని పట్టించుకోకూడదు.

101కి పగుళ్లకి ఓ ఐదు కలిపితే 106, 18 పెట్టెలు. పాత పద్ధతిలో చేసినా, చుట్టుకొలత 23½ ని ఏడుతో గుణించి, తలుపూ వెంటిలేటరూ తీసేసి, పది శాతం కలిపి పెట్టెకి 9 అడుగుల చొప్పున భాగిస్తే 18 పెట్టెలే వస్తుంది. చిన్న టైల్‌కి శాతం లెక్క నిలబడుతుందని మొదట్లో అన్నది ఇందుకే.

కానీ ఒకే డిజైన్ అయితేనే. మనవాళ్లు చాలామంది కింద డార్క్, మధ్యలో హైలైటర్, పైన లైట్ అని సెట్టుగా తీసుకుంటారు. అప్పుడు లెక్క మొత్తానికి కాదు, రంగు రంగుకీ విడిగా కట్టాలి. వరుసకి 14 నిండు టైల్స్, పట్టీలకి మూడు వరుసలకి ఒకటి. కింద రెండు వరుసలు డార్క్ అంటే 29, పగుళ్లకి 2 కలిపితే 31, ఐదు పెట్టెల్లో 30 మాత్రమే ఉంటాయి కాబట్టి 6 పెట్టెలు. హైలైటర్ ఒక వరుస 15, 3 పెట్టెలు. లైట్ నాలుగు వరుసలు 58, పగుళ్లకి 3 కలిపితే 61, 11 పెట్టెలు. మొత్తం 20. అదే గోడ, అదే సైజు, రెండు పెట్టెలు ఎక్కువ, ఎందుకంటే ప్రతి రంగుకీ పెట్టె విడిగా నిండాలి. హైలైటర్‌ని ఒక గోడ మీద మాత్రమే వేసుకునే ఆలోచన ఉంటే షాపులో విడి టైల్స్ ఇస్తారేమో అడగండి, కొందరిస్తారు.

బెడ్‌రూమ్ పెయింట్

గోడల వైశాల్యం: చుట్టుకొలత 46, ఎత్తు 10, మొత్తం 460 చదరపు అడుగులు. ఇందులోంచి తీసేసేవి: తలుపు 21, బాత్‌రూమ్ తలుపు 17½, కిటికీ 20, స్కర్టింగ్ 13½. కలిపి 72. మళ్లీ కలపాల్సింది ఒకటుంది, కిటికీ లోపలి అంచులు. తొమ్మిదంగుళాల గోడలో ఫ్రేమ్ బయటివైపు కూర్చుంటే లోపల ఓ ఐదంగుళాల మందం కనబడుతుంది, దానికీ రంగు వేయాలి. కిటికీ చుట్టూ 18 అడుగులు, ఐదంగుళాల వెడల్పు, అంటే 7½. తేలింది 395½. సీలింగ్ విడిగా 131½, ఫ్యాన్ హుక్కుకీ లైట్లకీ తీసేయడాలు ఉండవు. గోడకి బిగించిన కబోర్డు ఉండి, వెనక గోడకి రంగు వేయరనుకుంటే దాని వైశాల్యం కూడా తీసేయొచ్చు, కానీ కార్పెంటర్ తర్వాత వస్తాడంటే పెయింటర్ ఆ గోడకి కూడా ఒక కోటు వేసేసి ఉంటాడు, ముందే ఇద్దరితోనూ మాట్లాడి తేల్చుకోండి.

ఇప్పుడు లీటరుకి ఎంత వస్తుందన్నది. డబ్బా మీదో, కంపెనీ కాగితం మీదో ఒక అంకె ఉంటుంది, అది ఒక కోటుకా రెండు కోట్లకా చూడండి, ఎక్కువ లెక్కలు తప్పేది ఇక్కడే. పైగా ఆ అంకె నున్నటి గోడ మీద, చేతి తిరిగిన పనివాడు వేస్తే వచ్చేది. లప్పం, ప్రైమర్ పడిన కొత్త గోడకి, మామూలు ఇంటీరియర్ ఎమల్షన్‌కి రెండు కోట్లకి లీటరుకి 110 చదరపు అడుగులని పెట్టుకుందాం. మీ డబ్బా మీద వేరే ఉంటే అందులోంచి ఒక పదీ పదిహేను శాతం తగ్గించి వాడండి. నీళ్లు కలిపే ముందు ఉన్న పెయింట్‌కే ఈ లెక్క. నాలుగు లీటర్లలో నీళ్లు కలిపితే ఐదు లీటర్లు దాటొచ్చు, కానీ గోడని కప్పేది ఆ నాలుగే.

395½ ని 110తో భాగిస్తే 3.6 లీటర్లు. రోలర్‌కి, ట్రేకి, టచప్‌లకి పది శాతం కలిపితే 3.96. ఒక 4 లీటర్ల డబ్బా. ఖాళీలేవీ తీసేయకుండా 460కి చేసి ఉంటే 4.6 వచ్చేది, 4 లీటర్ల డబ్బాతో పాటు ఇంకో లీటర్ డబ్బా కొనేవారు. సీలింగ్‌కి తెలుపు 1.3 లీటర్లు, అంటే లీటర్ డబ్బాలు రెండు.

3.96 అంటే మరీ అంచు మీద ఉంది కదా. ఇలాంటప్పుడు డబ్బా మీద నికర పరిమాణం చదవండి. రంగు కలపడానికి ఇచ్చే బేస్ డబ్బాల్లో కొన్నిటిలో పేరుకి నాలుగు లీటర్లే అయినా బేస్ దానికంటే కాస్త తక్కువ ఉంటుంది, కలరెంట్ పడటానికి చోటుండాలని. ముదురు రంగయితే లెక్క మారుతుంది, మూడో కోటు తప్పదు, అప్పుడు 395½కి ఆరు లీటర్ల దగ్గరకి పోతుంది. ఒక గోడకి మాత్రం వేరే రంగు అనుకుంటే ఇక్కడా టైల్స్ సెట్టు కథే: ఆ పెద్ద గోడ 119 అడుగులకి 1.2 లీటర్లు, లీటర్ డబ్బాలు రెండు, మిగతా గోడలకి 2.8, లీటర్ డబ్బాలు మూడు. నాలుగు లీటర్లతో అయ్యే పనికి ఐదు.

గోడ పెయింట్‌ని ఎక్కువ తాగుతోందో లేదో మొదటి కోటు మొదటి గోడ దగ్గరే తెలుస్తుంది. 119 అడుగుల గోడకి ఒక కోటుకి నీళ్లు కలపని లెక్కన అర లీటరుకి కాస్త పైన పట్టాలి. ముప్పావు లీటరు దాటిందంటే ప్రైమర్ సరిగా పడలేదు, లేదా లప్పం పొడిపొడిగా ఉంది. వేలితో రుద్ది చూడండి, తెల్లటి పొడి అంటుకుంటే పని ఆపించి ప్రైమర్ వేయించడమే చవక. లేదంటే రెండో డబ్బా ఎలాగూ కొనాలి, ఆ కొన్నదీ గోడే తాగేస్తుంది.

లప్పానికి కూడా ఇదే వైశాల్యం, గోడలూ సీలింగూ కలిపి 527. బస్తా మీద ఎంత రాసి ఉన్నా, మామూలు ప్లాస్టరింగ్ మీద రెండు కోట్లకి కిలోకి 12 అడుగులకి మించి పెట్టుకోను నేను. 44 కిలోలు, అంటే 40 కిలోల బస్తా ఒకటీ, చిన్న ప్యాకెట్ ఒకటీ. తలుపులకి వేసే ఎనామెల్ వేరే లెక్క, రెక్కకి రెండు వైపులా, ఫ్రేమ్‌తో సహా.

సరుకు లెక్క వేరు, కూలీ లెక్క వేరు

పెయింటర్ కొలత మీ కొలతతో కలవకపోతే వెంటనే మోసం అనుకోకండి. నిర్మాణ పనుల కొలతలకి మన దేశంలో ఐఎస్ 1200 అనే ప్రమాణం ఉంది. దాని ప్రకారం ప్లాస్టరింగ్‌లో అర చదరపు మీటరు, అంటే ఐదున్నర అడుగుల దాకా ఉన్న ఖాళీని అసలు తీసేయరు. అక్కడి నుంచి 3 చదరపు మీటర్ల దాకా, అంటే 32 అడుగుల దాకా, ఒకవైపే తీసేస్తారు, అంచుల మందాన్ని విడిగా కలపరు. అంతకంటే పెద్దదయితే రెండు వైపులా తీసేసి, అంచుల్ని విడిగా కొలిచి కలుపుతారు. దీని వెనక ఉద్దేశం ఏంటంటే, కిటికీ చుట్టూ అంచులు తీర్చడానికి పట్టే పని, ఖాళీ వల్ల మిగిలే పనికి సరిపోతుందని. ఊళ్లో మామూలు పెయింటర్లు చాలామంది అసలేమీ తీసేయకుండా గోడ మొత్తం కొలుస్తారు. ఏ పద్ధతైనా సరే, రేటు మాట్లాడుకునే రోజే "తలుపులు కిటికీలు కొలతలోనా, బయటా" అని అడిగేయండి. కూలీ 460 మీద ఇచ్చినా పర్లేదు, పెయింట్ మాత్రం 395½ మీదే కొనండి.

కొనే రోజు, దింపే రోజు

టైల్స్ అన్నీ ఒకేసారి కొనాలి, ఎందుకంటే తక్కువపడి మళ్లీ వెళితే అదే బ్యాచ్ దొరకదు. ప్రతి పెట్టె పక్కన బ్యాచ్ నంబరూ షేడ్ నంబరూ ఉంటాయి, దింపేటప్పుడే అన్ని పెట్టెల మీదా ఒకటే ఉన్నాయో లేదో చూసుకోవాలి, ఆటో వెళ్లిపోయాక కాదు. ఒక పెట్టెది వేరే ఉంటే అప్పుడే పక్కన పెట్టేయండి, పక్కపక్కన పరిస్తే ఆ తేడా సాయంత్రం వెలుతుర్లో గీత గీసినట్టు కనబడుతుంది. తెరవని పెట్టె వెనక్కి తీసుకుంటారా, ఎన్ని రోజుల్లోపు అన్నది బిల్లు మీదే రాయించుకోండి.

పెయింట్‌లో మెషీన్ మీద కలిపించిన రంగుని ఏ షాపువాళ్లూ మామూలుగా వెనక్కి తీసుకోరు, కాబట్టి అక్కడ ఎక్కువ కొనడం దండగ. రెండు డబ్బాలు కొనాల్సి వస్తే ఒకేసారి కలిపించి, వేసే ముందు రెండూ ఒక పెద్ద బకెట్‌లో పోసి కలిపేయండి. లేకపోతే ఒక డబ్బా ఎక్కడ అయిపోయిందో గోడే చూపిస్తుంది. చివరికి మిగిలిన పావు లీటరుని చిన్న సీసాలో అంచుదాకా పోసి గట్టిగా మూత పెట్టి, మూత మీద షేడ్ కోడ్ రాసి, దాచిన మూడు టైల్స్ పక్కనే పెట్టేయండి.